ఎవరి మాట వారిదే

కంప్యూటర్ తెర మీద ఒక చిన్న వ్యాసం కనిపిస్తుంది. చదవడానికి మూడు నిమిషాలు ఇస్తారు. గడువు తీరగానే వ్యాసం పోయి, హెడ్‌ఫోన్లలో ఒక ప్రొఫెసర్ గొంతు మొదలవుతుంది. ఆయన రెండు నిమిషాలకు అటూ ఇటూగా అదే విషయం మీద మాట్లాడతాడు. ఇంతసేపూ మీరు చదివిన వాదనలను ఒక్కొక్కటిగా కాదంటూ పోతాడు. తర్వాత వ్యాసం మళ్లీ తెర మీదికి వస్తుంది, ప్రొఫెసర్ గొంతు మాత్రం మళ్లీ రాదు. రాయడానికి ఇరవై నిమిషాలు. ప్రశ్న ఇంతే: ప్రొఫెసర్ ఏమన్నారో సంగ్రహంగా రాయండి, ఆ మాటలు వ్యాసంలోని ఏయే వాదనలను ఎలా దెబ్బతీస్తున్నాయో చెప్పండి.

ఇందులో ఎవరిది ఒప్పు అని గానీ, మీరేమంటారు అని గానీ అడగరు. ఈ ఒక్క సంగతి మరిచిపోవడం వల్లే మంచి ఇంగ్లిష్ వచ్చినవాళ్లు కూడా ఇక్కడ మార్కులు పోగొట్టుకుంటారు.

దీని పేరు ఇంటిగ్రేటెడ్ రైటింగ్. అమెరికాలో చదవబోయే మన పిల్లలు రాసే టోఫెల్ పరీక్షను ఇంటర్నెట్ ద్వారా నిర్వహించడం 2005లో మొదలైంది. అప్పటి నుంచి ఇరవై ఏళ్లు ఈ ప్రశ్న అందులో ఉంది. 2026 జనవరిలో టోఫెల్ స్వరూపం మారినప్పుడు దీన్ని తీసేశారు. అయినా చదివినదాన్నీ విన్నదాన్నీ కలిపి, సొంత మాట చేర్చకుండా రాయడమనే పని ఎక్కడికీ పోలేదు. ఎమ్మెస్‌లో చేరిన మొదటి సెమిస్టర్‌లోనే అది మళ్లీ ఎదురవుతుంది. ఆ పనిని నేర్చుకోవడానికి టోఫెల్ పాత ప్రశ్న కన్నా చక్కని నమూనా దొరకడం కష్టం. అందుకే ఇక్కడ దాన్నే విప్పి చూద్దాం.

ముక్కుకు సూటిగా మూడు వాదనలు

వ్యాసం 230 నుంచి 300 పదాలు ఉంటుంది. దాని కట్టుబాటు దాదాపు ఎప్పుడూ ఒకటే. మొదటి పేరాలో ఒక అభిప్రాయం లేదా సిద్ధాంతం, ఆ తర్వాత దానికి మూడు ఆధారాలు, ఒక్కోదానికి ఒక్కో పేరా. ప్రసంగం కూడా అంతే పొడవు. మొదట సిద్ధాంతం మీద మొత్తంగా అనుమానం వ్యక్తం చేసి, తర్వాత ఆ మూడు ఆధారాలనూ సాధారణంగా అదే వరసలో ఎదుర్కొంటుంది. రాయాల్సింది సుమారు 150 నుంచి 225 పదాలు. అంతకు మించితే మార్కులు కోయరు, కానీ మించాల్సిన అవసరమూ ఉండదు.

అసలు ప్రశ్నపత్రంలోది కాకుండా, అదే అచ్చులో నేను తయారుచేసిన ఒక ఉదాహరణ తీసుకుందాం. విషయం మనకు తెలిసినదే, రాబందులు. పరీక్షలో అంతా ఇంగ్లిష్‌లో ఉంటుంది. ఇక్కడ విషయం తేటపడడానికి తెలుగులో, కొంచెం కుదించి ఇస్తున్నాను.

ముందు చదవాల్సిన వ్యాసం:

"1990ల నుంచి దక్షిణాసియాలో రాబందుల సంఖ్య విపరీతంగా పడిపోయింది. దీనికి మూడు కారణాలు చెప్పవచ్చు. మొదటిది అంటువ్యాధి. రాబందులు గుంపుగా చేరి ఒకే కళేబరాన్ని తింటాయి కాబట్టి ఒక పక్షికి సోకిన వైరస్ మిగతావాటికి సులభంగా పాకుతుంది. రెండోది ఆహారం కొరత. చనిపోయిన పశువులను ఊరి బయట వదిలేసే అలవాటు తగ్గి, పూడ్చేయడం పెరగడంతో రాబందులకు తిండి దొరకలేదు. మూడోది పురుగుమందులు. పొలాల్లో వాడిన డీడీటీ వంటి మందులు పక్షుల శరీరంలో పేరుకుని గుడ్ల పెంకులను పలచబరుస్తాయి. అమెరికాలో గద్దల విషయంలో జరిగింది ఇదే."

ఇప్పుడు వినాల్సిన ప్రసంగం:

"మీరు చదివిన మూడు కారణాల్లో ఏదీ నిలిచేలా లేదు. అంటువ్యాధి సంగతి చూడండి. పాకిస్తాన్‌లో చనిపోయిన రాబందులను కోసి పరీక్షించిన పరిశోధకులు వైరస్‌ల కోసం, బ్యాక్టీరియా కోసం వెతికారు. ఆ చావులకు కారణమని చెప్పగలిగేది ఏదీ దొరకలేదు. దొరికింది వేరే. చాలా పక్షుల్లో లోపలి అవయవాల మీద యూరిక్ యాసిడ్ తెల్లటి పొరలా పేరుకుని ఉంది. అంటే మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. అలాంటి పక్షుల్లో పశువులకు నొప్పి తగ్గడానికి ఇచ్చే డైక్లోఫెనాక్ అవశేషాలు కనిపించాయి. ఇక ఆహారం. కొరతే ఉంటే కళేబరాలు కనిపించకూడదు కదా. జరిగింది తిరగేసి. తినే రాబందులు లేక కళేబరాలు పడి కుళ్లాయి, వాటి మీద బతికే ఊరకుక్కలు పెరిగాయి. చివరిగా పురుగుమందులు. చనిపోయిన పక్షుల్లో ఆ మందులు ప్రాణం తీసేంత మోతాదులో లేవు. పైగా పెంకు పలచబడితే పిల్లలు పుట్టడం తగ్గుతుంది, సంఖ్య నెమ్మదిగా పడుతుంది. ఇక్కడ ఎదిగిన పక్షులే రాలిపోయాయి."

చదివేటప్పుడు తక్కువ, వినేటప్పుడు ఎక్కువ

చిత్తు కాగితం మీద ఏం రాసుకోవాలన్నది మొదటి నిర్ణయం. చాలామంది ఆ మూడు నిమిషాలూ వ్యాసంలోని వాక్యాలను కాగితం మీదికి ఎక్కించడంలో గడిపేస్తారు. వ్యాసం రాసేటప్పుడు మళ్లీ కనిపిస్తుంది కాబట్టి ఆ శ్రమంతా వృథా. వ్యాసం నుంచి కాగితం మీదికి రావలసింది నాలుగు ముక్కలు: సిద్ధాంతం ఒకటి, కారణాలు మూడు. మిగిలిన సమయంలో ప్రతి కారణాన్నీ ఎక్కడ కొట్టవచ్చో ఊహించుకోవాలి. తిండి కొరత అన్నారు, మరి కళేబరాలు నిజంగా తగ్గాయా? ఇలా ఒక ప్రశ్న మనసులో పెట్టుకుని విన్నవాళ్లకు ప్రొఫెసర్ ఊరకుక్కల మాట ఎత్తగానే అదెక్కడికి పోతోందో అర్థమవుతుంది. ఆ ప్రశ్న లేకపోతే కుక్కల ప్రస్తావన ఏదో పిట్టకథలా వినిపించి జారిపోతుంది.

ప్రసంగం మొదలయ్యాక మాత్రం కాగితం నిండాలి. కాగితాన్ని నిలువుగా రెండుగా విడదీసి, ఎడమవైపు వ్యాసంలోని కారణాలను దూరదూరంగా రాసి పెట్టుకుంటే, కుడివైపు ప్రొఫెసర్ జవాబులకు చోటు ముందే సిద్ధంగా ఉంటుంది. మన ఉదాహరణకు ఆ కాగితం ఇలా ఉంటుంది:

వ్యాధి (గుంపుగా తిండి) → కోసి చూశారు, పాకిస్తాన్, వైరస్ లేదు, యూ.యా. తెల్ల పొర, చాలావాటిలో, మూత్రపిండం, డైక్లో.

తిండి కొరత (పూడ్చడం) → కళేబరాలు కుళ్లాయి; కుక్కలు పెరిగాయి.

పు. మందు (పెంకు పలచన) → మోతాదు చాలదు; పెంకు అయితే నెమ్మది; ఇక్కడ పెద్ద పక్షులు.

ఇందులో "చాలావాటిలో" అన్న మాట కూడా ఎక్కింది చూడండి. వినేటప్పుడు అది పెద్ద విషయంగా తోచదు. రాసేటప్పుడు ఎంత ముఖ్యమో తర్వాత చూద్దాం.

ఇంకో మెలకువ ఉంది. ప్రొఫెసర్ ప్రతి వాదనలోనూ రెండు పొరలుంటాయి, "కాదు" అనడం ఒకటి, "ఎందుకు కాదు" అనడం ఒకటి. తొందరలో చెవికి మొదటిదే పడుతుంది. "వ్యాధి కాదు, కొరత కాదు, పురుగుమందు కాదు" అని మూడు కాదులు మాత్రమే రాసుకున్నవాడి దగ్గర తర్వాత రాయడానికి ఏమీ ఉండదు. మార్కులు ఉన్నది రెండో పొరలోనే.

తెలిసిన విషయమే కొంప ముంచుతుంది

ఇప్పుడు హైదరాబాద్‌లో చదువుకున్న ఒక తెలివైన విద్యార్థి ఈ ప్రశ్నకు జవాబు రాశాడనుకుందాం. ఇంగ్లిష్ బాగా వచ్చు, రాబందుల గురించి పత్రికల్లో చదివాడు కూడా. అతని జవాబు తెలుగులో చెప్పుకుంటే ఇలా ఉంటుంది:

"ప్రకృతిని శుభ్రం చేసే రాబందులు అంతరించిపోవడం నేడు మనమందరం ఆలోచించాల్సిన సమస్య. వ్యాసం మూడు కారణాలు చెప్పింది కానీ ప్రొఫెసర్ వాటితో ఏకీభవించలేదు. ఆయన చెప్పింది అక్షరాలా నిజం, ఎందుకంటే అన్ని రాబందులూ డైక్లోఫెనాక్ వల్లనే చనిపోయాయి. భారత ప్రభుత్వం 2006లో పశువైద్యంలో ఈ మందును నిషేధించింది. రాబందులు లేక పార్శీల అంత్యక్రియలకు కూడా ఇబ్బంది ఏర్పడింది. అందువల్ల వ్యాసంలోని అభిప్రాయం సరైనది కాదని ప్రొఫెసర్ నిరూపించారు. ప్రజల్లో అవగాహన పెంచితేనే రాబందులను కాపాడుకోగలం."

వాక్యాలు సాఫీగా ఉన్నాయి. చెప్పిన విషయాల్లో కొన్ని నిజాలు కూడా. పశువైద్యంలో ఆ మందును మన దేశం 2006లో నిషేధించిన మాట వాస్తవం. పార్శీల ఇబ్బందీ వాస్తవమే. అయినా ఈ జవాబుకు మంచి మార్కు రాదు. ఎందుకో ఒక్కొక్కటే చూద్దాం.

మొదటి వాక్యం ఎవరిది? వ్యాసం అనలేదు, ప్రొఫెసర్ అనలేదు. అది విద్యార్థి సొంత ఉపోద్ఘాతం. 2006 నిషేధం ఎవరిది? రెండు మూలాల్లోనూ లేదు. పార్శీల సంగతీ లేదు. చివరి పిలుపు కూడా అతనిదే. ఇలా అతని సొంత మాటలను తీసేస్తే మిగిలేది "వ్యాసం మూడు కారణాలు చెప్పింది, ప్రొఫెసర్ కాదన్నారు, డైక్లోఫెనాక్ అన్నారు" అన్నంత మాత్రమే. ఆ మూడు కారణాలు ఏమిటో లేదు. ఊరకుక్కలు లేవు, గుడ్ల పెంకుల వాదన లేదు, పక్షులను కోసి చూసిన సంగతి లేదు. చదివింది, విన్నది అతనికి అర్థమయ్యే ఉండవచ్చు. దిద్దేవారికి ఆ సంగతి తెలియడానికి కాగితం మీద ఆధారం లేదు.

పైనుంచి తెచ్చిన నిజాలకు విడిగా మార్కులు కోసే నిబంధన ఏదీ లేదు. నష్టం వేరే రకంగా జరుగుతుంది. ఇరవై నిమిషాల్లో, రెండు వందల పదాల్లో, సొంత సంగతులు ఎంత చోటు ఆక్రమిస్తే ప్రొఫెసర్ సంగతులకు అంత చోటు తగ్గుతుంది. ఒకటి రెండు సొంత వాక్యాలు వచ్చాయంటే ఒక ముఖ్యాంశం ఎగిరిపోయినట్టే. విషయం ఎంత బాగా తెలిస్తే ఈ ప్రమాదం అంత ఎక్కువ. ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు అడవుల్లోని పాలరాపు గుట్ట మీద రాబందులను చూసి వచ్చినవాడికి ఆ సంగతి రాయకుండా ఉండడం, రాబందు పేరే వినని వాడికన్నా కష్టం.

ఈ అలవాటు మనకు బడిలోనే అబ్బుతుంది. వ్యాసమంటే ఉపోద్ఘాతం, విషయ విస్తరణ, ముగింపు అని నేర్చుకున్నాం. ముగింపులో ఒక సందేశం ఉండాలన్నారు. సందేశం లేకపోతే మాస్టారు ఒక మార్కు తగ్గించేవారు. పైగా టోఫెల్‌లో 2023 జూలై తర్వాత ఈ ప్రశ్న ముగిసిన వెంటనే వచ్చే పది నిమిషాల ప్రశ్న, క్లాసులో జరుగుతున్న చర్చలో మీ అభిప్రాయం చెప్పమనేది. జీఆర్‌ఈ వ్యాసమైతే పూర్తిగా మీ వాదన మీదే నడుస్తుంది. మూడింటికీ ఒకే సెలవుల్లో తయారయ్యే విద్యార్థికి చేయి ఏది ఎక్కడో మరిచిపోవడం వింత కాదు. ఇక్కడ మాత్రం అతని పని కోర్టులో ఇరుపక్షాల వాదనలు నమోదు చేసే గుమాస్తా పని. తీర్పు అతని కుర్చీలో లేదు.

ఒక క్రియాపదంలో దూరే అభిప్రాయం

"నా ఉద్దేశంలో" అని రాయకపోతే అభిప్రాయం చేర్చనట్టే అనుకుంటాం. అసలు చిక్కు అక్కడ లేదు. పై జవాబులో "ప్రొఫెసర్ నిరూపించారు" అన్న మాట చూడండి. నిరూపించారు అనడంతోనే ఆయనది ఒప్పు అని తీర్పు ఇచ్చినట్టయింది. "వాదించారు", "చూపారు", "ప్రశ్నించారు", "గుర్తుచేశారు" అన్నవి ఆయన చేసిన పనిని మాత్రమే చెబుతాయి. ఇంగ్లిష్‌లోనూ అంతే. ప్రూవ్స్ అన్నప్పుడు ఒక పక్షానికి మొగ్గినట్టు, ఆర్గ్యూస్ అన్నప్పుడు ఎటూ మొగ్గనట్టు. "సరిగ్గా చెప్పినట్టు", "దురదృష్టవశాత్తూ", "వ్యాసం పొరపాటున అన్నట్టు" వంటివి కూడా ఇలా చాటుగా దూరే అభిప్రాయాలే.

దీనికన్నా సూక్ష్మమైనది ఒకటుంది. ప్రొఫెసర్ "చాలా పక్షుల్లో" అన్నాడు. విద్యార్థి "అన్ని రాబందులూ" అని రాశాడు. తన అభిప్రాయం చేర్చాలని అతను అనుకోలేదు, తొందరలో అలా జరిగింది. అయినా ఇప్పుడా వాక్యం ప్రొఫెసర్‌ది కాదు. ప్రొఫెసర్ కావచ్చు అన్నదాన్ని అవును అని రాసినా, ఒక చోట జరిగిన పరిశోధనను దేశమంతటికీ అన్వయించినా, "కారణమని చెప్పగలిగేది దొరకలేదు" అన్నదాన్ని "వ్యాధే లేదు" అని మార్చినా జరిగేది ఇదే. మూలంలో ఉన్న నమ్మకం పాళ్లు పెంచకూడదు, తగ్గించకూడదు. చిత్తు కాగితం మీద "చాలావాటిలో" అని రాసుకోవడం ఇందుకే.

ఇలాంటి పొరపాటు తను చేసినట్టు రాసినవాడికి తెలియదు. తెలుసుకునే దారి ఒక్కటే. రాసిన వాక్యాన్ని ప్రొఫెసర్‌కే చూపిస్తే "అవును, నేనన్నది ఇదే" అంటాడా అని అడగాలి. "దాదాపు ఇదే" అనే అవకాశం ఉందనిపిస్తే ఆ వాక్యం దిద్దాల్సిందే.

అదే జవాబు సరిగ్గా రాస్తే

ఇప్పుడు అదే కాగితాన్ని ముందు పెట్టుకుని జవాబును కడదాం. మొదట ఒకటి రెండు వాక్యాల్లో వ్యాసం ఏమంది, ప్రొఫెసర్ ఏమన్నాడు. తర్వాత మూడు పేరాలు. ప్రతి పేరాలో వ్యాసంలోని కారణం ఒక వాక్యంలో తేల్చేసి, ప్రొఫెసర్ జవాబుకు రెండు మూడు వాక్యాలు. ఉపోద్ఘాతం వద్దు, ముగింపూ వద్దు.

"దక్షిణాసియాలో రాబందులు తగ్గిపోవడానికి వ్యాసం మూడు కారణాలు చూపుతుంది. వాటిలో ఏదీ నిలవదని ప్రొఫెసర్ వాదిస్తారు.

రాబందులు గుంపుగా తింటాయి కాబట్టి అంటువ్యాధి పాకిందని వ్యాసం అంటుంది. పాకిస్తాన్‌లో చనిపోయిన పక్షులను పరీక్షించిన పరిశోధకులకు ఆ చావులను వివరించే వైరస్ గానీ బ్యాక్టీరియా గానీ దొరకలేదని ప్రొఫెసర్ చెబుతారు. దానికి బదులు చాలా పక్షుల అవయవాల మీద యూరిక్ యాసిడ్ పొర కనిపించిందని, ఇది మూత్రపిండాలు దెబ్బతిన్నాయనడానికి గుర్తని, ఆ పక్షుల్లో పశువులకిచ్చే డైక్లోఫెనాక్ మందు ఆనవాళ్లు ఉన్నాయని వివరిస్తారు.

పశువులను పూడ్చేయడంతో రాబందులకు తిండి కరువైందన్నది వ్యాసం రెండో మాట. తిండే లేకపోతే కళేబరాలు మిగిలి ఉండకూడదని ప్రొఫెసర్ ప్రశ్నిస్తారు. ఆయన చెప్పిన ప్రకారం కళేబరాలు తినేవి లేక కుళ్లిపోయాయి, వాటి వల్ల ఊరకుక్కల సంఖ్య పెరిగింది.

చివరిగా, పురుగుమందులు గుడ్ల పెంకులను పలచబరిచాయన్న వ్యాసం వాదనకు ప్రొఫెసర్ రెండు అభ్యంతరాలు చెబుతారు. చనిపోయిన పక్షుల్లో ఆ మందుల మోతాదు ప్రాణాంతకమైనంత లేదు. పెంకులు పలచబడితే పిల్లలు తగ్గి సంఖ్య నెమ్మదిగా పడాలి కానీ, ఇక్కడ చనిపోయినవి ఎదిగిన పక్షులు."

ఇందులో అలంకారం లేదు, సందేశం లేదు. వ్యాసం వాటా పావు వంతుకు మించదు, మిగతాదంతా ప్రొఫెసర్ వాటా. మార్కుల లెక్క చూస్తే ఈ పాళ్లు ఎందుకో అర్థమవుతుంది.

దిద్దేవారు ఏం చూస్తారు

ఈ జవాబుకు సున్నా నుంచి ఐదు వరకు స్కోరు ఇచ్చేవారు. ఒక మనిషి దిద్దేవారు, దాంతోపాటు ఈ-రేటర్ అనే కంప్యూటర్ ప్రోగ్రామ్ కూడా భాషను లెక్కగట్టేది. ఐదు రావాలంటే ప్రసంగంలోని ముఖ్యాంశాలన్నీ ఉండాలి, ప్రతిదీ వ్యాసంలోని దేనికి జవాబో స్పష్టం కావాలి. అక్కడక్కడా భాషలో తప్పులున్నా విషయం తారుమారు కానంత వరకు ఐదుకు అడ్డు కాదు. ప్రసంగంలోని ఒక ముఖ్యాంశం పూర్తిగా తప్పిపోయినా, లేదా "ప్రొఫెసర్ ఏకీభవించలేదు" అన్నంత మొత్తుమీద సంబంధమే కనిపించినా స్కోరు మూడు దగ్గర ఆగుతుంది. వ్యాసం మొత్తాన్ని చక్కగా సంగ్రహించి, ప్రసంగం నుంచి అర్థవంతమైనదేదీ రాయకపోతే ఒకటి. వ్యాసంలోని వాక్యాలను యథాతథంగా దించేస్తే సున్నా.

వ్యాసం మొత్తాన్ని సంగ్రహించినా ఒకటి మాత్రమే రావడం కఠినంగా తోచవచ్చు. అందులో న్యాయం ఉంది. వ్యాసం తెర మీదే ఉంది, దాన్ని చూసి రాయగలగడం పెద్ద పరీక్ష కాదు. ప్రసంగం ఒక్కసారే వినిపించి పోయింది. దాన్ని పట్టుకున్నారా, పట్టుకున్నదాన్ని సరైన చోట తగిలించారా అన్నదే ఈ ప్రశ్న కొలిచేది.

దించడం అన్న మాట మీద ఒక స్పష్టత అవసరం. వాక్యాలను మార్చాలి గానీ పేర్లను మార్చనక్కరలేదు. డైక్లోఫెనాక్‌కు, యూరిక్ యాసిడ్‌కు, డీడీటీకి పర్యాయపదాలు వెతికేవాళ్లున్నారు. ఆ శ్రమ వల్ల వాక్యం గందరగోళమవుతుందే తప్ప లాభం లేదు. మార్చాల్సింది కట్టుబాటును. వ్యాసం రెండు వాక్యాల్లో చెప్పిన కారణాన్ని, అందులోని అసలు ముక్కను పట్టుకుని, తెర వైపు చూడకుండా ఒక వాక్యంలో చెప్పడం చాలు.

అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో ఈ ప్రశ్నకు అచ్చు వాక్యాలు బట్టీ పట్టించడం మామూలు. "వ్యాసమూ ప్రసంగమూ రెండూ ఫలానా విషయాన్ని చర్చిస్తున్నాయి" అని మొదలై, "మొదటిగా", "రెండోదిగా" అంటూ సాగే చట్రం ఒకటి ఇస్తారు. చట్రం వల్ల వరస తప్పదు, సమయం కలిసివస్తుంది, అంతవరకు మంచిదే. చిక్కు ఏమిటంటే కొన్ని చట్రాల్లో అచ్చు వాక్యాలే ఎనభై, తొంభై పదాలు తినేస్తాయి. మిగిలిన నూరు పదాల్లో ఆరేడు వివరాలు పట్టవు. చట్రంలో ఏ ముక్కైనా రాబందుల జవాబులోనూ, పిరమిడ్ల జవాబులోనూ ఒకేలా సరిపోతోందంటే అది విషయం చెప్పడం లేదన్నమాట. అలాంటి ముక్కలు ఎంత తక్కువ ఉంటే అంత మేలు.

పరీక్ష పోయినా పని మిగిలింది

ఇప్పటి టోఫెల్‌లో రాతకు సంబంధించి వాక్యం అమర్చడం, ఈమెయిల్ రాయడం, క్లాసు చర్చలో పాల్గొనడం అనే ప్రశ్నలున్నాయి. మార్కెట్లో దొరికే పాత పుస్తకాల్లో, పాత వీడియోల్లో ఇంటిగ్రేటెడ్ రైటింగ్ ఇంకా కనిపిస్తుంది. పరీక్షకు మాత్రమే తయారయ్యేవారు ముందు తమ తేదీనాటి పరీక్ష స్వరూపాన్ని టోఫెల్ వెబ్‌సైట్‌లో చూసుకోవడం మంచిది. పీటీఈ రాసేవారికి ఇదే విద్య రెండు ముక్కలై ఎదురవుతుంది. చదివినదాన్ని ఒకే వాక్యంలోకి కుదించడం ఒకటి, విన్నదాన్ని 50 నుంచి 70 పదాల్లో రాయడం ఇంకొకటి. ఫ్రాన్స్‌లో చదువు కోసం డాల్ఫ్ సీ1 రాసేవారు పలు పత్రాలను కలిపి ఒక సంగ్రహం రాయాలి. అక్కడ కూడా సొంత అభిప్రాయం నిషిద్ధమే. దాని కోసం తర్వాత విడిగా ఒక వ్యాసం అడుగుతారు. మన సివిల్స్ మెయిన్స్‌లో భాషా పేపర్లలో వచ్చే సంక్షిప్తీకరణ కూడా ఈ వంశానిదే, కాకపోతే అక్కడ మూలం ఒక్కటే.

విదేశీ విశ్వవిద్యాలయంలో అడుగుపెట్టాక ఈ పనికి పేరు మారుతుంది. ఈ వారం చదవమన్న పరిశోధనా వ్యాసం ఒకటి, క్లాసులో ప్రొఫెసర్ చెప్పింది ఒకటి, రెండింటినీ కలిపి ఒక పేజీ రాయమంటారు. థీసిస్‌లో రెండో అధ్యాయమంతా ఇంతకుముందు ఎవరేమన్నారో చెప్పడమే. అక్కడ ఇతరుల మాటను తన మాటగా రాస్తే గ్రంథచౌర్యం. తన మాటను ఇతరుల నోట పెడితే అది అబద్ధపు ఉల్లేఖన. మొదటి తప్పు గురించి అందరూ హెచ్చరిస్తారు. రెండోది పట్టుబడేదాకా ఎవరూ మాట్లాడరు. సొంత అభిప్రాయానికి అక్కడా చోటుంది, అయితే ఇరుపక్షాలనూ ఉన్నదున్నట్టు చెప్పిన తర్వాత, విడిగా.

సాధన చేయాలనుకుంటే ప్రత్యేకమైన పుస్తకం అక్కరలేదు. ఒకే విషయం మీద ఒక వ్యాసం చదివి, దాన్ని కాదనే ఒక ఉపన్యాసం ఒక్కసారి విని, ఇరవై నిమిషాల్లో రెండు వందల పదాలు రాయండి. తర్వాత ఎర్ర పెన్ను తీసుకుని ప్రతి వాక్యం పక్కన అది ఎవరి మాటో రాయండి, వ్యాసానిదైతే "వ్యా", ప్రసంగానిదైతే "ప్ర". ఏ అక్షరమూ రాయలేని వాక్యం మీది. దాన్ని కొట్టేయండి. పేజీలో "ప్ర"లు "వ్యా"ల కన్నా తక్కువగా కనిపిస్తే, మర్నాడు వేరే విషయం తీసుకుని మళ్లీ రాయండి.